ఎర్రనీళ్లన్నీ నదులు కావు

"నీళ్లు ఎర్రగా ఉంటే నది, పచ్చగా ఉంటే రిజర్వాయరు. గట్లు తిన్నగా ఉంటే కాలువ, వంకరగా ఉంటే నది. పక్కన గేట్లుంటే డ్యామ్. సిమెంటు గట్ల మధ్య నీళ్లు తేటగా, కదలకుండా ఉంటే లోతుండదు, పిల్లలతో దిగొచ్చు. వైజాగ్ పిక్నిక్ గ్రూపులన్నిటికీ పంపండి."

పంపారు. అపార్టుమెంటు గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, చివరికి మా బావగారు కూడా.

రంగు చెప్పేది నీళ్లలో ఏం కలిసిందో. మెసేజ్‌కి తగిలించిన ఫోటో కింద "శారదా నది" అని రాశారు, నీళ్లు ఎర్రగా ఉన్నాయి కాబట్టి. కానీ ఫోటోలో ఒక పక్క రాళ్లు పేర్చిన పొడవాటి గట్టుంది. ఎదుటి ఒడ్డు పాయలు పాయలుగా కొండల సందుల్లోకి చొచ్చుకుపోయింది. నీటి అంచుకు పైన గడ్డి మొలవని మట్టి పట్టీ ఉంది, అంటే నీటిమట్టం బాగా పెరిగి తగ్గుతుంటుంది. గట్టు చివర స్పిల్‌వే గేట్లున్నాయి. అది మన మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు! వానకి మట్టి కొట్టుకొచ్చింది. నాచు పెరిగితే అదే పచ్చబడుతుంది. అప్పుడు నది కాస్తా రిజర్వాయరు అయిపోయిందంటారా?

అయితే రంగు బొత్తిగా పనికిరాదని అనను. ఒకే నీటిలో గెడ్డ కలిసే చోట ఎర్రగా ఉండి, గట్టు వైపుకు వచ్చేకొద్దీ తేటబడుతుంటే, మట్టి అడుక్కి దిగుతోందన్నమాట. రిజర్వాయరుకి అది మంచి గుర్తే.

వంకర సంగతి. ఏలేరు నీళ్లు విశాఖకు తెచ్చే కాలువ 150 కిలోమీటర్లకు పైనే. అదంతా స్కేలు పెట్టి గీశారా? కాలువ నేల వాలును బట్టి తిరుగుతుంది. చూడాల్సింది వెడల్పు. కాలువకి అది చాలా దూరం మారదు. నది మలుపులో లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది, బయటి గట్టు కోసుకుపోతుంది.

గేట్లు కాలువలకీ ఉంటాయి. సరే, పదండి.

ఇక "పిల్లలతో దిగొచ్చు" రాసిన మహానుభావుడు. సిమెంటు కాలువలో నీటిని అడ్డుకునే రాయీ రప్పా ఉండవు, అందుకే జోరుగా పోతున్నా పైన అద్దంలా కనిపిస్తుంది. ఒక ఎండుటాకు వేసి చూడండి, ఎంత వేగంగా పోతుందో. తేటనీళ్లను పైనుంచి నిలువునా చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగుల్లా కనిపిస్తుంది. ఏటవాలు సిమెంటుకి నాచు పట్టి ఉంటుంది, జారినవాడికి పట్టు దొరకదు. పైన ఎక్కడో గేటు ఎత్తితే, ఇక్కడ చుక్క వాన లేకుండానే మట్టం పెరుగుతుంది.

అన్నిటికన్నా ప్రమాదం సైఫన్. కాలువ నీళ్లు ఒక గోడ కిందికి దూరి, గెడ్డ అడుగునుంచి వెళ్లి, అవతల పైకి తేలతాయి. ఆ గోడకి ఇవతల నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా, లోపలికి లాగేది అక్కడే. ఫోటోలో చక్కటి స్విమ్మింగ్ పూల్‌లా ఉంటుంది మరి, షేర్ చేసుకోండి.