పాలు పొంగించి నురుగు తేలేం

"పాలు ఎంత కాగితే నురుగు అంత గట్టిగా వస్తుంది. కాపుచినోకి పొంగే దాకా స్టీమ్ వదలండి. పైన బొమ్మ రావాలంటే జగ్గు బాగా ఊపడం నేర్చుకోండి, అంతే."

తిరుపతిలో కొత్తగా మెషీన్ దగ్గర నిలబడిన పిల్లలు ఇది నాకు ఫార్వర్డ్ చేసి "నిజమేనా అన్నా" అని అడుగుతున్నారు. నిజం కాదు.

ముందు వేడి సంగతి. నురుగును నిలబెట్టేది పాలలోని ప్రొటీన్. 70 డిగ్రీలు దాటితే అది దెబ్బతింటుంది, సన్న బుడగలు కలిసిపోయి పెద్దవవుతాయి, తియ్యదనం పోయి కాచిన పాల వాసన కొడుతుంది. 60 నుంచి 65 మధ్యే ఆపాలి. థర్మామీటర్ ముల్లు కాస్త వెనకబడి కదులుతుంది కాబట్టి 58 దగ్గరే స్టీమ్ కట్టేయండి.

ఇక నురుగు. అది గాలి వల్ల వస్తుంది, ఆ గాలి పాలు చల్లగా ఉన్నప్పుడే ఎక్కాలి. మొన్న ఎయిర్ బైపాస్ రోడ్డులో మా కౌంటర్ దగ్గర ఒక కుర్రాడు స్టీమ్ గొట్టం కొనను జగ్గు అడుగు దాకా ముంచి తిప్పేశాడు, కీచుమని చెవులు పోయే శబ్దం, పాలు పొగలు కక్కుతున్నాయి గానీ నురుగు లేదు. అప్పుడు భయపడి కొనను పైకి లాగాడు, సబ్బునురుగులా పెద్ద బుడగలు లేచాయి. ఆ పాలు పారబోయించి, ఫ్రిజ్‌లోంచి కొత్త పాలు తీయించాను, మళ్లీ వేడి చేస్తే నురుగు సరిగా పట్టదు కాబట్టి. జగ్గు మూతి మొదలయ్యే చోటుకి కాస్త కిందవరకే పోశాం. గొట్టంలో నిలిచిన నీళ్లు పోయేలా ఒకసారి ఆవిరి వదిలి, కొన పాల పైపొరని తాకీ తాకనట్టు పెట్టమన్నాను. కాగితం చింపుతున్నట్టు చిస్ చిస్ మని వినిపించాలి. లాటేకి పాలు పావు వంతు, కాపుచినోకి దాదాపు సగం పెరిగితే చాలు. జగ్గు చేతికి గోరువెచ్చగా తగిలేసరికి గాలి పని అయిపోవాలి. తర్వాత కొనను కొంచెం ముంచి ఓ పక్కకి జరిపితే పాలు సుడి తిరుగుతూ మిగిలిన బుడగల్ని నలిపేస్తాయి. చివరికి తడి పెయింట్‌లా నిగనిగలాడాయి.

బొమ్మకి ఊపుడు కన్నా ఎత్తు ముఖ్యం. జగ్గుని బల్ల మీద తట్టి, గుండ్రంగా తిప్పుతూ ఉండండి, ఆపితే నురుగు పైకి తేలి పాలు విడిపోతాయి. కప్పు సగం నిండే దాకా నాలుగు వేళ్ల ఎత్తు నుంచి సన్న ధారగా పోస్తే పాలు కాఫీ కిందికి దిగుతాయి. అప్పుడు మూతిని కాఫీకి ఆనించినంత దగ్గరికి తెచ్చి ధార పెంచితే తెలుపు పైన పరుచుకుంటుంది. ఎత్తులోంచే పోస్తూ ఎంత ఊపినా తెలుపు తేలదు.

మన ఊళ్లో ఫిల్టర్ కాఫీ అలవాటుతో "ఇంకా వేడిగా కావాలి" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకి ముందు కప్పుని వేడినీళ్లతో వేడెక్కించి ఇవ్వండి, చాలామందికి అది సరిపోతుంది. అయినా కావాలంటే 70 దాకా వెళ్లండి, ఆ కప్పు మీద మాత్రం బొమ్మకి ప్రయత్నించకండి.