"తక్కువ మార్కులు ఎలాగూ తీసేస్తారు" అనే మాట ఇక నా ముందు ఎవరూ అనకండి

అరగంట క్రితం మా తమ్ముడు ఫోన్ పట్టుకుని ఏడుపు మొహంతో వచ్చాడు. "అక్కా, నిన్నటిదాకా యావరేజ్ 15.75 ఉంది, ఇవాళ 14.4 అయింది, పోర్టల్‌లో ఏదో తప్పుంది" అన్నాడు. తప్పేమీ లేదు. పోయిన వారం వాడు ఏడో క్విజ్ రాయలేదు. ఒంట్లో బాగాలేదని కాదు. "ఫర్వాలేదులే, తక్కువ మార్కులు రెండు తీసేస్తాం కదా" అని వాళ్ల సారే క్లాసులో అన్నారట. దాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. నాకు ఇంకా కోపం తగ్గలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను.

వాడి కోర్సులో 10 క్విజ్‌లు, ఒక్కోటి 20 మార్కులకు. తక్కువ వచ్చిన రెండూ పోగా మిగిలిన 8 లెక్కలోకి వస్తాయి. మొదటి ఆరింటిలో వాడికి వచ్చినవి 18, 9, 15, 6, 16, 14. అన్నీ కలిపి చూస్తే యావరేజ్ 13. కానీ పోర్టల్ 6నీ 9నీ అప్పుడే పక్కన పెట్టేసి, మిగిలిన నాలుగింటికి 15.75 చూపించింది. ఆరింటిలో రెండు తీసేయడమంటే మూడో వంతు తీసేసినట్టు. సెమిస్టర్ చివర్లో తీసేది పదింటిలో రెండు, అంటే ఐదో వంతే. మధ్యలో కనిపించే అంకె ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు!

వాడి టార్గెట్ 16 యావరేజ్. 8 క్విజ్‌లకు 128 మార్కులు కావాలి. చేతిలో 63 ఉన్నాయి, మిగిలిన నాలుగింటిలో 65 రావాలి, అంటే ఒక్కోదానిలో 16.25. కష్టమే, కానీ వాడు తెచ్చుకోగలడు. అసలు తీసేయడమే లేకపోతే 160కి ఇంకా 82 కావాలి, నాలుగు క్విజ్‌లు కలిపినా 80 దాటవు. అంటే ఆ రెండు తీసేయడం వల్లే వాడి టార్గెట్ బతికి ఉంది. కానీ ఆ రెండు అవకాశాలూ 6కీ 9కీ అప్పటికే ఖర్చయిపోయాయి. మూడోది లేదు!

ఏడో క్విజ్‌కి సున్నా పడగానే ఏమైంది? సున్నా పోయింది, 6 పోయింది, 9 తిరిగి లెక్కలోకి వచ్చింది. మొత్తం 72, ఐదింటికి యావరేజ్ 14.4. మిగిలిన మూడింటిలో 56 కావాలి, ఒక్కోదానిలో దాదాపు 18.67. ఇప్పటిదాకా వాడి అత్యధికం 18. ఏమీ చదవకుండా వెళ్లి ఎప్పటిలాగే 14 తెచ్చుకున్నా, మిగిలినవాటిలో 17 చొప్పున సరిపోయేది. ఆ ఒక్క గంట అంత ఖరీదైంది.

ఇంకో ఘోరం, ఆ సున్నా వెంటనే పడలేదు. రాయని క్విజ్ దగ్గర గడి ఖాళీగా ఉంది. పోర్టల్ ఖాళీని లెక్కలోకి తీసుకోదు, సున్నాను మాత్రం తీసుకుంటుంది. అందుకే వారం రోజులు 15.75 అలాగే ఉండి, "చూశావా, ఏమీ కాలేదు" అని వాడు నాతోనే అన్నాడు. ఇవాళ సార్ సున్నా ఎక్కించారు.

ఇది చూస్తుంటే నా చదువు రోజులే గుర్తొస్తున్నాయి. మాకు క్విజ్‌లన్నీ ఒకే మార్కులకు ఉండేవి కావు. 10కి 5, 30కి 12, 20కి 16 వచ్చాయి నాకు. ఒకటి తీసేస్తామన్నారు. చిన్న అంకె అని 5 తీసేశారు. మిగిలింది 50కి 28, అంటే 56 శాతం. నన్ను ముంచింది 30కి 12 కదా, అది 40 శాతమే! దాన్ని తీసేస్తే 30కి 21, 70 శాతం వచ్చేది. అడిగితే "తక్కువ అంటే తక్కువే" అన్నారు. ఏ లెక్కన తక్కువో ముందు చెప్పాల్సింది వాళ్లు కాదా? అప్పటి బాధ ఇంకా పోలేదు నాకు.

తమ్ముడితో కూర్చుని మళ్లీ లెక్క వేశాను. 16 దాదాపు అందదు, 15 అందుతుంది. 120లో 72 పోగా 48, మూడింటికి 16 చొప్పున. ఆ కాగితం వాడి టేబుల్ ముందు అంటించాను. మూడింటిలో ఏ ఒక్కటీ వదలడానికి లేదని వాడికి ఇప్పుడు తెలుసు. ఆ సార్‌ని అడిగేది ఒక్కటే: పోర్టల్‌లో యావరేజ్ పక్కనే "తీసేసే అవకాశాలు 2, వాడేసినవి 2" అని రాయించండి. ఆరో క్విజ్ అయిన రోజే అది కనిపించి ఉంటే, మావాడు ఏడోదానికి వెళ్లేవాడు.