"n = 1 కి స్పష్టంగా నిజం" అని రాసి తప్పించుకోకండి

సెకండియర్ పిల్లలకి పంచబోయే డిస్క్రీట్ మ్యాథ్స్ హ్యాండౌట్ ఒకటి నిన్న నా టేబుల్ మీదకొచ్చింది. ఇండక్షన్ మీద రెండు పేజీలు. అందులో బేస్ కేస్‌కి దక్కింది ఒకే ఒక్క లైను: "n = 1 కి స్పష్టంగా నిజం." ఆ తర్వాత పేజీన్నర ఆల్జీబ్రా. పసుపు గణపతి మీద రెండు అక్షింతలు వేసేసి అసలు పూజలోకి వెళ్లిపోయినట్టుంది.

పిల్లల్ని అని లాభం లేదు. ఇంటర్ ఫస్టియర్‌లో గణితానుగమనం పేరుతో చూసినప్పటి నుంచీ వాళ్లకి అలవాటైన పద్ధతే ఇది. మార్కులన్నీ k నుంచి k+1 కి వెళ్లే చోటే ఉంటాయి కాబట్టి మనసూ అక్కడే ఉంటుంది. మరి చెప్పేవాళ్లం కూడా అలాగే చెబితే ఎలా?

మొన్న క్లాసులో ఒక పని చేశాను. బోర్డు మీద ఇలా రాశాను:

```
1 + 2 + ... + n = n(n+1)/2 + 7
```

k కి ఇది నిజం అనుకుందాం అన్నాను. రెండు వైపులా k+1 కలిపాను. కుడివైపు k(k+1)/2 + 7 + (k+1) వచ్చింది. ఏడుని పక్కన పెట్టి మిగతాది కలిపితే (k+1)(k+2)/2 + 7. అంటే ఫార్ములాలో k ఉన్న చోట k+1 పెడితే ఏం రావాలో సరిగ్గా అదే. "స్టెప్‌లో ఎక్కడైనా తప్పుందా?" అని అడిగాను. లేదన్నారు. నిజంగానే లేదు. సగం మంది నోట్సులో ఎక్కించేసుకున్నారు కూడా. చివరి బెంచీ నుంచి ఒకమ్మాయి మెల్లగా అంది: "సార్, ఒకటి పెడితే ఎనిమిదొస్తోంది సార్." ఎడమవైపు 1, కుడివైపు 1 + 7.

ఆ ఏడు స్థానంలో వంద పెట్టినా, మైనస్ మూడు పెట్టినా స్టెప్ ఇంతే శుభ్రంగా నడుస్తుంది. ఎందుకంటే స్టెప్ చూసేది ఒక అంకె నుంచి తర్వాతి అంకెకి ఎంత పెరిగిందన్నదే. ఎక్కడ మొదలైందో దానికి పట్టదు. కరెంటు మీటరు సంగతీ అంతే. ఈ నెల ఎన్ని యూనిట్లు తిరిగిందో తేడా చెబుతుంది, కానీ పాత రీడింగ్ తెలియకపోతే ఇప్పుడు మీటరు మీద ఎంత ఉండాలో చెప్పలేం. ఆ పాత రీడింగే బేస్ కేస్. మనం "స్పష్టం" అని దాటేసే ఆ ఒక్క లైనే నిజమైన ఫార్ములానీ, ఏడు తగిలించిన దొంగ ఫార్ములానీ విడదీస్తోంది. పేజీన్నర ఆల్జీబ్రా ఆ పని చేయలేదు.

ఇక్కడ పాస్కల్ గుర్తొస్తాడు. 1654లో అంకెల త్రిభుజం మీద రాసినదాంట్లో ఆయన ఇలాంటి రుజువుని రెండు భాగాలుగా విడదీశాడు. మొదలుపెట్టే వరసలో, అంటే ఆయన లెక్కలో రెండో వరసలో, నిజమని ఒక లెమ్మా, ఒక వరసలో నిజమైతే తర్వాతి వరసలోనూ నిజమని ఇంకో లెమ్మా. మొదటిది దానంతటదే తెలిసిపోతుందని ఆయనా అన్నాడు. కానీ దానికీ విడిగా ఒక నంబరిచ్చి నిలబెట్టాడు.

సరే, n = 1 పెట్టి చూసుకోవడం ఎవరైనా నేర్చుకుంటారు. నా అసలు గొడవ దాని తర్వాతిది. బేస్ కేస్ అంటే ఎప్పుడూ ఒకటే, అది ఎప్పుడూ n = 1 దగ్గరే అని ఈ హ్యాండౌట్లు నేర్పిస్తున్నాయి. రెండూ తప్పే.

జేబులో రెండు రూపాయల బిళ్లలు, ఐదు రూపాయల బిళ్లలు కావలసినన్ని ఉన్నాయనుకోండి. రూపాయి బిళ్ల ఒక్కటీ లేదు (కిరాణా కొట్లో చిల్లరకి బదులు చాక్లెట్ చేతిలో పెట్టే రోజులు గుర్తుకు తెచ్చుకోండి). నాలుగు రూపాయలు, ఆపైన ఎంతైనా సరే చిల్లర మిగలకుండా కట్టొచ్చని రుజువు చేయాలి. ఒక్క రూపాయి కట్టలేం, మూడూ కట్టలేం. కాబట్టి n = 1 దగ్గర మొదలుపెట్టే ప్రసక్తే లేదు.

స్టెప్ చాలా సులువు. n-2 రూపాయలు కట్టగలిగితే, ఇంకో రెండు రూపాయల బిళ్ల వేస్తే n అవుతుంది. పిల్లలు రాసేది: బేస్ కేస్ 4, అంటే 2 + 2. స్టెప్ పైన ఉన్నదే. కాబట్టి అన్నిటికీ నిజం. అయిపోయింది.

అవలేదు. 4 నుంచి రెండేసి చొప్పున ఎక్కితే 6, 8, 10 వస్తాయి. 7 ఎప్పుడొస్తుంది? ఎప్పటికీ రాదు. చెప్పిన మాట నిజమే, 7 అంటే 5 + 2. కానీ రాసిన రుజువు 7 ని తాకనే లేదు. ఇందులోనే మోసం ఉంది. ఏడు కలిపిన ఫార్ములా అబద్ధం కాబట్టి n = 1 పెట్టగానే దొరికిపోయింది. ఇక్కడ చెప్పినది నిజం కాబట్టి ఏ అంకె పెట్టి చూసినా సరిపోతుంది, రుజువులో ఉన్న చిల్లు కనపడదు.

కనపడాలంటే దాన్ని ప్రోగ్రాం చేసి చూడండి. మా పిల్లలు సీఎస్ఈ వాళ్లు, ఈ భాషలో చెబితే వెంటనే పట్టుకుంటారు. వాళ్ల రుజువుని ఉన్నదున్నట్టు పైథాన్‌లోకి దింపితే:

```python
def coins(n):
    if n == 4:
        return [2, 2]
    return coins(n - 2) + [2]
```

coins(10) అడిగితే ఐదు రెండు రూపాయల బిళ్లలు ఇస్తుంది. coins(7) అడగండి. 7 పోయి 5 అడుగుతుంది, 5 పోయి 3, తర్వాత 1, తర్వాత -1. అలా పాతాళానికి దిగిపోయి చివరికి RecursionError కొట్టి ఆగుతుంది. ఐదు దగ్గర `if n == 5: return [5]` అని ఒక్క బ్రేకు వేస్తే చాలు, 7 కి [5, 2] వచ్చేస్తుంది.

కాబట్టి ఎన్ని బేస్ కేసులు కావాలో చెప్పేది స్టెప్పే. స్టెప్ రెండు అంకెలు వెనక్కి వెళ్తోందంటే వరసగా రెండు బేస్ కేసులు చూసుకోవాలి. నాలుగు వెనక్కి వెళ్తే నాలుగు. అందుకే నేను పిల్లలకి రుజువు రాసే వరస తిప్పి చెబుతాను. ముందు స్టెప్ రాసుకోండి. అది ఎంత వెనక్కి చూస్తోందో గమనించండి. అప్పుడు పైకి వెళ్లి బేస్ కేసులు నింపండి. చివర్లో బేస్ కేసులు అయిపోయిన వెంటనే వచ్చే మొదటి అంకె మీద స్టెప్‌ని చేత్తో నడిపి చూడండి. పై తప్పు రుజువులో ఆ అంకె 5. దానికి 3 కట్టగలగాలి. కట్టలేం. అక్కడే దొరికిపోయేది.

"సిలబస్ అయిపోవాలి కదండీ, ఇంత లోతు దేనికి?" అని మా స్టాఫ్ రూంలోనే ఒకరన్నారు. లోతు కాదండీ, మూడు లైన్లు ఎక్కువ, అంతే. హ్యాండౌట్ జిరాక్స్‌కి వెళ్లకముందే ఆ ఒక్క లైను కొట్టేసి, బిళ్లల లెక్క చేర్చి పక్కన పెన్నుతో ఇలా రాసిచ్చాను:

"4 = 2 + 2. 5 = 5. ఈ రెండూ నేరుగా చూశాం. ఇప్పుడు n కనీసం 6 అనుకుందాం, n కంటే చిన్నవి 4 వరకూ అన్నీ కట్టగలమనీ అనుకుందాం. n కనీసం 6 కాబట్టి n-2 కనీసం 4. అంటే n-2 రూపాయలు కట్టగలం. ఇంకో రెండు రూపాయల బిళ్ల వేస్తే n."

"n కనీసం 6 కాబట్టి" అన్న ముక్క కింద రెండు గీతలు కూడా గీశాను. జిరాక్స్‌లో సరిగ్గా పడ్డాయో లేదో రేపు చూడాలి.