డీజిల్ గొప్పతనం సైకిల్‌లో లేదు

డీజిల్ బండి మైలేజీ ఎక్కువ ఎందుకిస్తుందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: డీజిల్ సైకిల్ సామర్థ్యం ఎక్కువ. సైకిల్ అంటే ఇక్కడ సిలిండర్‌లో గాలిని నొక్కి, మండించి, ఆ వేడితో పిస్టన్‌ను నెట్టించి, పొగ వదిలే దశల చక్రం. లెక్క వేసి చూస్తే ఈ మాట నిలవదు.

పెట్రోలు ఇంజన్ నడిచే ఒట్టో సైకిల్‌లో వేడి మొత్తం ఒక్కసారిగా, పిస్టన్ పై కొసన ఉండగానే అందుతుంది. డీజిల్ సైకిల్‌లో పిస్టన్ కిందికి దిగుతుంటే కూడా ఇంధనం మండుతూనే ఉంటుంది. ఆలస్యంగా పుట్టిన వేడి పిస్టన్‌ను నెట్టే దూరం తక్కువ. రెండింటికీ కంప్రెషన్ రేషియో, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ అంకె, 18 ఇద్దాం. మంట ఆగేసరికి డీజిల్‌లో ఘనపరిమాణం రెట్టింపైందనుకుందాం. ఆదర్శ లెక్కలో ఒట్టోకి దాదాపు 68 శాతం, డీజిల్‌కి 63 శాతం వస్తాయి. గెలిచింది పెట్రోలే!

కాకపోతే పెట్రోలు ఇంజన్‌కి 18 దాకా వెళ్లే యోగం లేదు. సిలిండర్‌లో గాలితో పాటు పెట్రోలు ముందే కలిసి ఉంటుంది. మరీ గట్టిగా నొక్కితే ప్లగ్ దగ్గర మొదలైన మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఇదే నాకింగ్. పెద్ద గేర్‌లో, తక్కువ వేగంతో ఎత్తు ఎక్కిస్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు వినిపించేది ఆ చప్పుడే. అందుకే మామూలు పెట్రోలు ఇంజన్ 10 దగ్గర ఆగుతుంది. డీజిల్ నొక్కేది ఉత్త గాలినే కాబట్టి దానికా భయం లేదు.

రేషియో 10 దగ్గర ఒట్టో సామర్థ్యం 60 శాతం. అంటే కాగితం మీద డీజిల్ ఆధిక్యం మూడు పాయింట్లు మాత్రమే. రోడ్డు మీద తేడా అంతకంటే చాలా ఎక్కువ. మిగతాది ఎక్కడినుంచి వస్తోంది?

థ్రాటిల్ నుంచి, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిని తెరిచి మూసే తలుపు నుంచి. పెట్రోలు ఒక పాలు ఉంటే గాలి 14.7 పాళ్లు ఉండాలి. శక్తి తక్కువ చాలనుకుంటే పెట్రోలుతో పాటు గాలినీ తగ్గించాలి. అంటే ఇంజన్ గొంతు సగం మూసి ఊపిరి పీల్చమన్నట్టు. ఒక లీటరు ఇంజన్ 2000 ఆర్‌పీఎంతో తాపీగా పోతోందనుకోండి. లోపలికి వచ్చే గాలి పీడనం బయటికంటే 0.6 బార్ తక్కువ. ఒక్కో సైకిల్‌కి ఆ పీల్చుడుకే 60 జౌళ్లు ఖర్చు. సెకనుకి దాదాపు 17 సైకిళ్లు, అంటే ఒక కిలోవాట్. చదును రోడ్డు మీద చిన్న కారు నెమ్మదిగా పోవడానికి కావలసిందే కొద్ది కిలోవాట్లు! డీజిల్‌కి ఈ దండుగ లేదు. గాలి నిండుగా పీల్చుకుని, ఇంధనాన్ని మాత్రం తగ్గించుకుంటుంది.

మరి లారీ ఎప్పుడూ బరువుతోనే నడుస్తుంది కదా, అక్కడ థ్రాటిల్ తెరిచే ఉంటుందిగా అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. నిండు లోడులో పీల్చుడు నష్టం పెద్ద లెక్కలోది కాదు. అక్కడ డీజిల్‌ని గెలిపించేది టర్బో, అంటే బయటికి పోయే పొగ తోపుతో తిరుగుతూ గాలిని ఇంజన్‌లోకి కూరే పంకా. గాలిని ఇంకా కూరినా డీజిల్‌కి నాకింగ్ బెడద లేదు. అదే పెట్రోలు ఇంజన్ అయితే స్పార్క్ ఆలస్యం చేసుకుని సామర్థ్యం వదులుకోవాలి. పైగా లీటరు డీజిల్‌లో పెట్రోలు కంటే పది శాతానికి పైగా శక్తి ఎక్కువ. మైలేజీ పోలికల్లో ఈ సంగతి ఎవరూ గుర్తుచేయరు.

డీజిల్‌కి తన చిక్కులు తనకున్నాయి. స్ప్రే గాలితో కలిసి మండడానికి సమయం కావాలి కాబట్టి వేగంగా తిరగలేదు. పీడనం తట్టుకోవడానికి బరువుగా కట్టాలి. తేలిగ్గా ఉండి చురుగ్గా తిరగాల్సిన బైకుకి పెట్రోలే నప్పడానికి కారణమిదే. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే డీజిల్ కారులో పొగగొట్టం సరిగా వేడెక్కదు, ఫిల్టర్‌లో చేరిన మసి కాలిపోదు. కొన్నాళ్లకి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది.

నా అసలు కోపం పాఠ్యపుస్తకం మీద. పీడనం, ఘనపరిమాణం ఎలా మారతాయో చూపే రెండు పీవీ బొమ్మలు గీయించి, సూత్రాలు బట్టీ పట్టించి, మార్కులు వేస్తారు. ఆ ఆదర్శ బొమ్మల్లో థ్రాటిల్ ఉండదు. రోడ్డు మీద మైలేజీ తేల్చే ముక్కే అందులో లేకపోతే, విద్యార్థి 'డీజిల్ సైకిల్ గొప్పది' అనే తప్పు నమ్మకంతో బయటికి రాక ఏం చేస్తాడు?

హైబ్రిడ్ కార్లు తయారుచేసినవాళ్లు మాత్రం ఆ ముక్కనే పట్టుకున్నారు. తక్కువ శక్తి చాలినప్పుడు మోటారుతో నడిపి, పెట్రోలు ఇంజన్‌ని థ్రాటిల్ బాగా తెరిచి ఉండే లోడులోనే వాడుతున్నారు. అలాంటి కొన్ని ఇంజన్ల గరిష్ఠ సామర్థ్యం ఇప్పుడు 40 శాతం దాటింది. కార్లలో డీజిల్‌కి ఒకప్పుడున్న పట్టు దీంతో సడలింది. లారీలోనూ, ఓడలోనూ మాత్రం దాని పట్టు ఇంకా చాలావరకు నిలిచే ఉంది.