మా టీమ్‌లో తప్పులు జరగవు, జరిగినా చెప్పం

పోయిన బుధవారం లంచ్ అయ్యాక, అంటే మనిషి దేనికైనా తలూపే టైమ్‌లో, మా టీమ్ లీడ్ అందర్నీ కాన్ఫరెన్స్ రూమ్‌లో కూర్చోబెట్టి సైకలాజికల్ సేఫ్టీ మీద నలభై నిమిషాలు మాట్లాడాడు. "ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు, తప్పు జరిగితే భయపడకుండా చెప్పండి" అన్నాడు. చాలా బాగుంది. తర్వాత, "సరే, మొన్న శుక్రవారం ఆ ఆర్డర్లన్నీ క్యాన్సిల్ చేసిందెవరు, ఇప్పుడైనా చెప్పొచ్చు, నేనేమీ అనను" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే కాలం పోయింది, మా వాళ్ళంతా ల్యాప్‌టాప్‌లు తడుముకున్నారు.

మాటవరసకి చెప్తున్నా, ఆయన చెప్పిన విషయంలో తప్పేమీ లేదు. ఎమీ ఎడ్మండ్‌సన్ అని హార్వర్డ్‌లో ప్రొఫెసర్, 1990లలో హాస్పిటళ్ళలో మందులివ్వడంలో జరిగే పొరపాట్ల మీద పని చేసింది. మంచి టీమ్ ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువుంటాయని అనుకుని లెక్క చూస్తే ఎక్కువ కనిపించాయి, ఇదేంటి తిరగబడిందని తవ్వితే తేలిందేంటంటే ఆ వార్డుల్లో నర్సులు ఎక్కువ తప్పులు చేయట్లేదు, చేసినవి బయటకి చెప్తున్నారు అంతే. మిగతా వార్డుల్లో తప్పులు జరుగుతూనే ఉన్నాయి, కాకపోతే కాగితం మీదకి రావట్లేదు. ఈ స్లైడ్ చూపించి మా లీడ్ గర్వంగా తర్వాతి స్లైడ్‌కి వెళ్ళాడు, అందులో మా టీమ్ గ్రాఫ్, ఈ క్వార్టర్‌లో టీమ్ వాళ్ళు తమంతట తాము చెప్పిన పొరపాట్లు సున్నా. కింద చప్పట్ల బొమ్మ. రెండు స్లైడ్ల మధ్య మూడు సెకన్లు కూడా లేవు, ఆ మూడు సెకన్లలో ఆయనకి ఏమీ అనిపించలేదు.

ఇప్పుడు ఆ శుక్రవారం సంగతి. మా కుర్రాడొకడు సాయంత్రం 6:40కి, ఇంటికెళ్ళే హడావిడిలో, కస్టమర్ కేర్ వాళ్ళు అడిగారని ఒక్క ఆర్డర్ క్యాన్సిల్ చేద్దామని క్వెరీ రాసుకున్నాడు, రాసింది కరెక్టే:

```sql
UPDATE orders SET status = 'CANCELLED'
WHERE order_id = 48213;
```

వచ్చిన చిక్కల్లా, స్క్రీన్ మీద మౌస్‌తో పై లైన్ ఒక్కటే సెలెక్ట్ అయింది, ఏ ఆర్డరో చెప్పే WHERE లైన్ బయటే ఉండిపోయింది, సెలెక్ట్ చేసిన ముక్కని మాత్రమే రన్ చేసే ఆప్షన్ నొక్కాడు. కింద "41306 rows affected" అని వచ్చింది. ఒకటి రావాల్సిన చోట నలభై ఒక్క వేల మూడు వందల ఆరు. రన్ చేయగానే మార్పు ఖాయమైపోయే ఆటోకమిట్ ఆన్‌లో ఉంది కాబట్టి వెనక్కి తీసుకోవడానికి ఏమీ లేదు. వాడు నాకు ఈ సంగతి టీ బండి దగ్గర చెప్పాడు, అదీ సోమవారం, "అన్నా ఆ నంబర్ చూశాక ఒక నిమిషం చేతులు కీబోర్డ్ మీద నుంచి తీసేశా" అని.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? స్లైడ్‌లో నాలుగు భయాలు రాశారు, తెలియనివాడు అనుకుంటారేమో, చేతకానివాడు అనుకుంటారేమో, ప్రతిదానికీ అడ్డుపడతాడు అనుకుంటారేమో, నస పెడతాడు అనుకుంటారేమో అని. నిజమే గానీ మావాడి లెక్క ఇంకా సింపుల్. చెప్తే నష్టం ఇప్పుడే, గ్యారంటీగా, ఒక్కడికే. చెప్తే వచ్చే లాభం తర్వాత, అందరికీ కలిపి, అదీ కనిపించదు, ఎందుకంటే జరగని గొడవని ఎవరూ లెక్కపెట్టరు. చెప్పకపోతే? బహుశా ఎవరూ గమనించకపోవచ్చు, ఈలోపు మనమే సర్దేయొచ్చు. ఇది పిరికితనం కాదండీ, లెక్కల్లో వందకి వంద. పైగా వాడికి పోయినేడు మా టీమ్‌లోనే జరిగింది గుర్తుంది, ఒకాయన తనంతట తనే ముందుకొచ్చి "నా వల్లే సర్వర్ ఆగింది" అన్నాడు, మీటింగ్‌లో మెచ్చుకున్నారు, అప్రైజల్‌లో జాగ్రత్త తక్కువ అని రాశారు. స్లైడ్లు ఎవరికి గుర్తుంటాయి, ఆ అప్రైజల్ మాత్రం టీమ్ మొత్తానికి కంఠతా వచ్చు.

6:45కి చెప్పి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్తా. తొమ్మిదింటికి రిఫండ్ల బ్యాచ్ నడుస్తుంది, దాన్ని ఆపడానికి ఒక్క ఫ్లాగ్ మారిస్తే చాలు. మా డేటాబేస్‌లో జరిగిన మార్పులన్నీ రాసుకునే బిన్‌లాగ్‌లో ప్రతి వరసకి మారకముందు విలువ కూడా పడుతుంది, అందులోంచి పాత స్టేటస్‌లు తీసి తిరిగి పెట్టడం తెలిసిన డీబీఏకి గంటన్నర పని. కాస్త చిరాకు, రెండు కాఫీలు. కానీ మావాడు ఒక్కడే కూర్చుని రాత్రి రెండింటి బ్యాకప్‌లోంచి సరిచేద్దామని చూశాడు, అది రెండింటి నాటి సంగతి, పగలంతా వచ్చిన ఆర్డర్లు అందులో లేవు. ఈలోపు డెలివరీ యాప్ వాటి మీదే కొత్త స్టేటస్‌లు రాసుకుంటూ పోయింది, కాబట్టి ఏది మావాడు మార్చింది, ఏది నిజంగా మారింది అని విడదీయడం నిమిషనిమిషానికి కష్టమైంది. తొమ్మిదింటికి బ్యాచ్ నడిచింది, జనాలకి మీ ఆర్డర్ క్యాన్సిల్ అయిందని మెసేజ్‌లు, డబ్బులు వెనక్కి. 9:20కి కస్టమర్ కేర్ నుంచి మొదటి ఫోన్. గంటన్నర పని రెండున్నర రోజులైంది.

తమాషా ఏంటంటే అసలు నష్టం అది కూడా కాదు. తర్వాత రాసిన ఆర్‌సీఏలో, అంటే గొడవకి అసలు కారణం తేల్చే ఫారంలో, కారణం దగ్గర "డేటా సింక్ సమస్య" అని ఉంది, ఎందుకంటే అసలు సంగతి ఎవరూ చెప్పలేదు, ఆ ఫారంలో "బాధ్యుడి పేరు" అని ఒక గడి స్టార్ మార్క్‌తో ఉంటుంది, నింపకపోతే సబ్మిట్ కాదు. చేయాల్సింది అన్న చోట "సింక్ జాబ్‌ని జాగ్రత్తగా మానిటర్ చేయడం". పాపం ఏ పాపం ఎరగని సింక్ జాబ్ మీద ఇప్పుడు ముగ్గురు కాపలా కాస్తున్నారు. అసలు మందు మైఎస్‌క్యూఎల్‌లో ఒక్క లైన్:

```sql
SET sql_safe_updates = 1;
```

ఇది పెడితే, WHERE లేకుండా ఇలాంటి అప్‌డేట్ కొడితే డేటాబేసే ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. అందరి మెషీన్లలో పెట్టడానికి అరగంట. కానీ పెట్టమని అడగాలంటే ఎందుకో చెప్పాలి, ఎందుకో చెప్తే ఎవరో చెప్పాలి. అందుకని ఇప్పటికీ ఆఫ్‌లోనే ఉంది, నేను నిన్నే చూశా. (నేనెందుకు చెప్పలేదంటారా, నాకూ ఈఎంఐలు ఉన్నాయి.)

అమెరికాలో విమానాల వాళ్ళు ఈ చిక్కుని చాలా ముందే గ్రహించారు. 1976 నుంచి అక్కడ పైలట్లు తమ పొరపాట్లని ఎఫ్‌ఏఏకి కాకుండా నాసాకి రాసి పంపుతారు, అంటే శిక్షించే వాళ్ళకి కాకుండా వేరే వాళ్ళకి, వాళ్ళు పేరు తీసేస్తారు, కావాలని చేసింది కాకపోతే పది రోజుల్లోపు పంపిన వాళ్ళకి మామూలుగా జరిమానా ఉండదు. అక్కడ పైలట్లకి ధైర్యం గురించి స్లైడ్లు చూపించే ముందు శిక్ష సంగతి తేల్చారు. మా దగ్గర స్లైడ్లు మొదలయ్యాయి, గడిలో స్టార్ మార్క్ అలాగే ఉంది.

మీటింగ్ చివర్లో ఒక సర్వే పంపారు, పేరు రాయక్కర్లేదట, ఆఫీస్ మెయిల్‌తో లాగిన్ అయితే చాలట. ప్రశ్న ఒక్కటే: ఈ టీమ్‌లో తప్పు ఒప్పుకోవడం మీకు ఎంత సేఫ్‌గా అనిపిస్తుంది, ఐదుకి ఎంత? పన్నెండు మందిలో పదకొండు మంది ఐదు ఇచ్చారు. ఒకరు నాలుగు ఇచ్చారట. ఎందుకిచ్చారో ఫ్రెండ్లీగా తెలుసుకుందామని రేపు మా లీడ్ అందరితో విడివిడిగా పావుగంట పావుగంట పెట్టాడు.

నాది మూడున్నరకి.