చావని రాళ్ళకు డెత్ సర్టిఫికెట్

గో ఆటలో సెకి అని ఒక స్థితి ఉంది. అది చూడగానే కొంతమందికి చేతులు దురద పెడతాయి. బోర్డు మీద ఎక్కడో ఓ మూల నల్ల రాళ్ళ గుంపు ఒకటి, తెల్ల రాళ్ళ గుంపు ఒకటి ఎవరి మానాన అవి పడి ఉంటాయి. వీళ్ళకు అది సహించదు. ఎవరో ఒకరు చావాలి, లెక్క తేలాలి.

గో తెలియని పాఠకులకు రెండు ముక్కలు. ఒక గుంపును చుట్టుముట్టి, దాని పక్కన ఉన్న ఖాళీలన్నీ పూడ్చేస్తే ఆ రాళ్ళు ఖైదీలవుతాయి. గుంపు లోపల విడివిడిగా రెండు ఖాళీలు, అంటే రెండు కళ్ళు ఉంటే దాన్ని ఎవరూ చంపలేరు. మరి కళ్ళే లేని ఒక నల్ల గుంపు, ఒక తెల్ల గుంపు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని, మధ్యలో రెండే ఖాళీలు మిగిలితే? బయట వైపు ఏ గుంపుకీ ఒక్క ఖాళీ కూడా లేదు. ఆ రెండు ఖాళీలూ ఇద్దరివీ. ఎవరు ముందు ఒకదాన్ని పూడిస్తే వాళ్ళ గుంపుకు ఒక్కటే మిగులుతుంది, ఎదుటివాడు అందులో రాయి పెట్టి మొత్తాన్ని ఎత్తుకుపోతాడు. కాబట్టి ఇద్దరూ ముట్టుకోరు. రెండు గుంపులూ బతికినట్టే.

ఇంత సుళువైన సంగతి మా ఆఫీసు కుర్రాడికి ఎక్కలేదు. ఆన్‌లైన్‌లో ఆడుతున్నాం. నావి నల్లవి ఐదు, అతనివి తెల్లవి ఆరు, మధ్యలో రెండు ఖాళీలు. ఇక ఆడేదేమీ లేదని ఇద్దరం పాస్ చెప్పాం. చనిపోయిన రాళ్ళను గుర్తుపెట్టే తెర వచ్చింది. అతను నిబ్బరంగా నా ఐదు రాళ్ళ మీద నొక్కాడు, అవి బూడిద రంగుకు మారాయి. నేను నొక్కి మళ్ళీ నల్లగా చేశాను. అతను నొక్కాడు, బూడిద. నేను నొక్కాను, నలుపు. కాసేపు ఇదే ఆట సాగింది, అసలు ఆటకన్నా హుషారుగా.

“అన్నా, నీకు రెండు కళ్ళు లేవు కదా, చచ్చినట్టే” అని మెసేజ్ పెట్టాడు.

“నీకూ లేవు కదా తమ్ముడూ” అన్నాను.

“నావి చుట్టూ గట్టిగా ఉన్నాయి అన్నా.”

ఈ గట్టిదనం ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు. బయట ఒక్క ఖాళీ అతని గుంపుకు అదనంగా ఉండి, ఎత్తు అతనిది అయితే, నిజంగానే నన్ను చంపగలడు. అప్పుడు అది సెకి కాదు. అలాంటి ఖాళీ ఒకటి ఉండేది కూడా. పది ఎత్తుల క్రితం నేను పూడ్చాను. ఆ సమయంలో అయ్యగారు బోర్డుకు అవతలి మూల ఏదో సామ్రాజ్యం కట్టుకుంటున్నారు.

ఇక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆ ఐదు రాళ్ళు చచ్చాయని రాస్తే జపాన్ లెక్కలో ఐదుగురు ఖైదీలు, వాళ్ళు ఖాళీ చేసే ఐదు చోట్లు, మధ్యలో రెండు ఖాళీలు, మొత్తం పన్నెండు పాయింట్లు అప్పనంగా వచ్చిపడతాయి. చంపే దమ్ము లేదు, చంపినట్టు రాసుకునే తెలివి మాత్రం ఉంది! పెన్షన్ ఆఫీసుకు స్వయంగా వెళ్ళి ఎదురుగా నిలబడ్డ మనిషిని, బతికున్నట్టు పత్రం తెమ్మని అడిగే గుమస్తా గుర్తొచ్చాడు. చచ్చాయంటావా? చంపి చూపించు. మొదటి రాయి నువ్వే పెట్టు.

పెట్టాడు. ఆట మళ్ళీ తెరిచి ఒక ఖాళీలో రాయి పెట్టాడు. రెండోదాంట్లో నేను పెట్టాను. ఆరుకు కొత్తది కలిపి ఏడు రాళ్ళు గల్లంతు.

“అన్నా, అన్‌డూ ఇవ్వవా?”

అన్యాయంగా మాట్లాడకూడదు కాబట్టి ఒప్పుకుంటాను. సెకిలో చెయ్యి పెట్టడం అర్థవంతమైన సందర్భం ఒకటుంది. వేరే చోట కో పోరాటం నడుస్తున్నప్పుడు, అంటే ఒకే రాయిని ఇద్దరూ మార్చి మార్చి పట్టుకుంటూ, వెంటనే తిరిగి పట్టుకోకూడదన్న నియమం ఉన్నప్పుడు, ఇక్కడ రాయి పెట్టి బెదిరించవచ్చు. ఎదుటివాడు పట్టించుకోకపోతే అతని గుంపు పోతుంది, పట్టించుకుంటే మన గుంపు పోతుంది. ఆ కో మన గుంపుకన్నా విలువైనదైతేనే ఈ బేరం గిట్టుతుంది. మావాడి బోర్డు మీద కో లేదు. అతని తలలో కూడా లేదు.

తర్వాతి ఆటలో ఇంకో రకం సెకి వచ్చింది. ఇద్దరికీ చెరో కన్ను, మధ్యలో ఒక్క ఖాళీ. ఈసారి అతను చంపుతానని అనలేదు, రూల్స్ చదివి వచ్చాడు. జపాన్ నియమాల్లో సెకిలోని కన్నుకు పాయింటు ఇవ్వరు, చైనా నియమాల్లో ఇస్తారు, కాబట్టి చైనా లెక్కే పెట్టాలని పట్టుబట్టాడు. నీకొకటి వస్తే నాకూ ఒకటి వస్తుంది కదరా, తేడా ఏముందని అడిగాను. న్యాయం అంటే న్యాయమే అన్నాడు. అరగంట వాదించాడు.