డిస్కౌంట్ ఇస్తే గదులు ఖాళీ అవుతాయా? రంగుల టేబుల్‌ని ఎలా చదవాలి

విశాఖ బీచ్ రోడ్డులో నలభై గదుల హోటల్ ఒకటుందనుకోండి. మూడేళ్ల నెలవారీ లెక్కలు, అంటే 36 వరసలు, గదులు ఎంత శాతం నిండాయి, డిస్కౌంట్, లాండ్రీ ఖర్చు, కరెంటు బిల్లు, యాడ్స్ ఖర్చు ఇలా 12 కాలమ్స్, వీటన్నిటికీ ఎక్సెల్‌లో =CORREL తో మ్యాట్రిక్స్ వేసి రంగులు పెడితే 66 జతలొస్తాయి. ఒక్కో జతకి వచ్చే అంకె కోరిలేషన్, రెండూ కలిసి పెరుగుతుంటే 1 వైపు, ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంటే -1 వైపు, సంబంధం లేకపోతే సున్నా దగ్గర ఉంటుంది. ఓనర్ కళ్లు ఎటు పోతాయి? ముదురు రంగు గళ్ల మీదకే. నా ఉద్దేశంలో అక్కడే దారి తప్పుతాం.

ముందు రంగుల సంగతి. ఎక్సెల్‌లో మూడు రంగుల స్కేల్ మామూలుగా పెడితే మధ్య రంగు సున్నా దగ్గర పడదు, ఆ టేబుల్లో ఉన్న అంకెల మధ్య విలువ దగ్గర పడుతుంది, దాంతో 0.1 కూడా ఎర్రబడి ఏదో వ్యతిరేక సంబంధం ఉన్నట్టు కనిపిస్తుంది. మూడు చోట్లా Number అని పెట్టి -1, 0, 1 ఇవ్వండి, సున్నాకి తెలుపు పెట్టండి.

ఇక ముదురు గళ్లలో చాలావరకు మనకి ముందే తెలిసినవే. గదులు నిండితే దుప్పట్లు ఎక్కువ ఉతుకుతారు, అది 0.95 వచ్చినా దాంతో మనం చేసేదేం లేదు. అలాంటి జత పక్కన "లెక్కే" అని నోట్ రాసి వదిలేయాలి.

అసలు చూడాల్సింది డిస్కౌంట్, నిండిన గదుల జత. ఇక్కడ -0.7 వచ్చిందనుకుందాం, డిస్కౌంట్ ఇస్తే జనం రావడం మానేశారా ఏంటి అనిపిస్తుంది, కానీ డిసెంబర్‌లో అరకు వెళ్లేవాళ్లతో హోటల్ ఎలాగూ నిండుతుంది కాబట్టి అప్పుడు డిస్కౌంట్ ఇవ్వరు, వానాకాలంలో ఖాళీగా ఉంటుంది కాబట్టి అప్పుడే ఇస్తారు. ఆ మైనస్ తెచ్చింది సీజనే. అందుకే ప్రతి నెల అంకెలోంచి పోయినేడాది అదే నెల అంకె తీసేసి, ఆ తేడాలకి మళ్లీ కోరిలేషన్ చూడాలి. ఈసారి +0.45 వస్తే కథే తిరగబడినట్టు. మొదటి ఏడాదికి పోల్చడానికి ముందేడు లేదు కాబట్టి మిగిలేవి 24 వరసలే, అన్ని వరసలకి మామూలు 5 శాతం లెక్కలో, అంటే సంబంధం లేకపోయినా ఊరికే గీత దాటే అవకాశం నూటికి ఐదే ఉండేలా చూస్తే, 0.40 దాటితేనే పట్టించుకోవచ్చు, కాబట్టి ఇది గీత దాటింది గానీ బొటాబొటీగానే.

పైగా 66 జతల్లో ఏ సంబంధం లేకపోయినా మూడో నాలుగో ఊరికే ఆ గీత దాటేస్తాయి. అందుకే ఏ జత చూడబోతున్నామో టేబుల్ వేయకముందే రాసి పెట్టుకోవాలని గట్టిగా చెప్తాను.

ఈ జత పక్కన మాత్రం "పరీక్షించాలి" అని రాయండి. ఎందుకంటే 0.45 అన్నది పది శాతం తగ్గిస్తే ఎన్ని గదులు అదనంగా నిండుతాయో చెప్పదు. అది తెలియాలంటే జులై, ఆగస్టుల్లో ఒక వారం డిస్కౌంట్ పెట్టి, ఇంకో వారం తీసేసి, రెండిట్లో గదుల మీద చేతికొచ్చిన మొత్తం పోల్చి చూసుకోవాలి.